ఆకు కాదు నాన్నా, పువ్వు చూడు!

“ఆకులన్నీ తిరగేసి చూశాన్రా. మన తోటలో పెద్దగా ఏం లేదు” అన్నాడు నాన్న ఫోన్లో. 2021 చివర, మిరప తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేస్తున్న రోజులవి. మాది గురజాల దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో కూర్చుని ఆ పురుగు మీద ఒక పొడుగాటి ఇంగ్లిష్ వ్యాసం చదివి, వాట్సాప్‌లో నాన్నకి ఇలా పంపాను: ‘కొత్త రకం తామర పురుగు. ఆగ్నేయాసియాది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. జాగ్రత్త.’

ఒక్క తప్పు లేదు. ఒక్క ఉపయోగమూ లేదు! నాన్నకి తెలిసిన తామర పురుగు ఆకు అడుగున ఉంటుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది. ఈ కొత్తది ఎక్కువగా పువ్వుల్లో చేరుతుంది. పూత రాలిపోయి కాయ నిలవదు. వ్యాసంలో ఆ మాట ఎక్కడో మధ్యలో ఉంది. నేనేమో మొదటి రెండు పేరాలు కుదించి పంపేశాను.

రెండోసారి వ్యాసం పక్కన పెట్టి, ముందు నాన్న అడిగే ప్రశ్నలు రాసుకున్నా. ఎక్కడ చూడాలి? ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు? వాటికి జవాబులు మాత్రమే వెతికా. పురుగు పుట్టుపూర్వోత్తరాలు ఎగిరిపోయాయి.

లెక్కల దగ్గర ఇంకో చిక్కు. ఇంగ్లిష్‌లో అన్నీ హెక్టార్లే, మనవాళ్లవి ఎకరాలు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి, హెక్టారుకు 75 జిగురు అట్టలంటే ఎకరాకు 30. ఆ అంకెని అలాగే దించేస్తే ఖర్చు రెండున్నర రెట్లు. అదే మందు మోతాదైతే ఇంకా ప్రమాదం. ‘సింథటిక్ పైరిథ్రాయిడ్స్’ అన్న మాట నాన్నకి ఎక్కదు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ అని డబ్బా మీద చదివితే మాత్రం వెంటనే గుర్తుపడతాడు.

చివరికి పంపింది ఇది:

‘నాన్నా, ఆకు కాదు, పువ్వు చూడు. పువ్వుని తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా సన్నటి పురుగులు రాలతాయి. నీలం రంగు జిగురు అట్టలు పెట్టు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి కొట్టొద్దు, పురుగు ఇంకా పెరుగుతుంది.’

పంపాక ఫోన్ చేసి, “నీకేం అర్థమైందో చెప్పు” అన్నా.

“అసలు మందే కొట్టొద్దంటావ్, అంతేగా?”

మళ్లీ వ్యాసం తెరిచా. అక్కడున్నది ‘విచక్షణ లేకుండా వాడితే పెరగొచ్చు’ అని. నా కుదింపులో ‘విచక్షణ లేకుండా’ పోయింది, ‘పెరగొచ్చు’ కాస్తా ‘పెరుగుతుంది’ అయిపోయింది. చివరి లైన్ మార్చా: ‘ఈ రెండు రకాలు అదే పనిగా కొడితే పురుగుని తినే మంచి పురుగులు చచ్చి, ఇది ఇంకా పెరగొచ్చు. వేరే ఏ మందు, ఎంత అన్నది వ్యవసాయాధికారిని అడిగి కొట్టు.’

సాయంత్రం నాన్న నుంచి ఫొటో వచ్చింది. తెల్ల కాగితం, దాని మీద నల్ల చుక్కలు.