జింక్ ఆక్సైడ్‌ను బొగ్గుతో ఎంత వేడి దగ్గర క్షయకరణం చేయాలి?

ఈ లెక్కకు ఎల్లింగ్‌హామ్ పటం ఉంది. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా స్వేచ్ఛా శక్తిలో మార్పు. ప్రతి గీతా ఒక మోల్ ఆక్సిజన్‌తో జరిగే చర్యది. ఏ గీత కింద ఉంటే ఆక్సిజన్ దానిదే.

జింక్ గీత పైకి ఎక్కుతుంది, ఎందుకంటే ఆక్సిజన్ వాయువు ఘనపదార్థంలో బంధీ అవుతుంది. 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర జింక్ మరిగి ఆవిరవుతుంది. అక్కడి నుంచి గీత ఇంకా నిటారుగా లేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ గీత మాత్రం కిందికి దిగుతుంది: ఒక మోల్ ఆక్సిజన్ పోయి రెండు మోళ్ల వాయువు పుడుతుంది, క్రమరాహిత్యం పెరుగుతుంది.

రెండు గీతలూ సుమారు 950 డిగ్రీల దగ్గర కలుస్తాయి. అంతకు తక్కువైతే బొగ్గు ఓడుతుంది. సరిగ్గా అక్కడే ఆపినా లాభం లేదు. పటం చర్య సాధ్యమా అన్నదే చెబుతుంది, వేగం చెప్పదు. అందుకే ఆచరణలో 1100 డిగ్రీలు దాటిస్తారు.

అసలు చిక్కు చల్లార్చేటప్పుడు వస్తుంది. ఆవిరి మెల్లగా చల్లబడితే గీతలు మళ్లీ తారుమారై, జింక్ తిరిగి తెల్లటి ఆక్సైడ్ పొడిగా మారుతుంది. రాజస్థాన్‌లోని జావర్‌లో పాతకాలపు పనివాళ్లు మట్టి మూసలను తలకిందులుగా పెట్టి, ఆవిరిని కిందనున్న చల్లని పాత్రలోకి దించేవారు. పటం 1944లో వచ్చింది. వాళ్లు అంతకు శతాబ్దాల ముందువాళ్లు.