అప్‌టైమ్ వంద శాతం, టికెట్ మాత్రం రాలేదు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రతి వారం మేనేజ్‌మెంట్ ముందుకు వెళ్లే రిపోర్టులో రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. యాప్ ఎంతసేపు అందుబాటులో ఉందో చెప్పేది అప్‌టైమ్. వచ్చిన రిక్వెస్టుల్లో ఎన్ని ఫెయిలయ్యాయో చెప్పేది ఎర్రర్ రేటు. ఈ రెండూ బాగున్న వారంలోనే కస్టమర్లు లబోదిబోమంటారు ఒక్కోసారి.

సంక్రాంతి ముందు బస్ టికెట్లు అమ్మే యాప్‌ను ఒకదాన్ని ఊహించుకుందాం. శుక్రవారం సాయంత్రం 7:10కి కొత్త వెర్షన్ ఎక్కించారు. అందులో ఒక పొరపాటు: పేమెంట్ సర్వీసు డేటాబేస్ కనెక్షన్లను వాడుకున్నాక వదలడం లేదు. ఉన్నవన్నీ అలా చిక్కుకుపోవడంతో పేమెంట్లు ఆగిపోసాగాయి. 7:50కి పాత వెర్షన్ పెట్టాకే సర్దుకుంది. ఆ 40 నిమిషాల్లో 5,000 మంది డబ్బు కట్టబోతే 3,000 మందికి కుదరలేదు.

మరి రిపోర్టు? అప్‌టైమ్ 100 శాతం. ఎందుకంటే దాన్ని కొలిచే ప్రోగ్రాం నిమిషానికోసారి `/health` అనే పేజీని పలకరిస్తుంది. అటునుంచి `200` వస్తే యాప్ బతికే ఉన్నట్టు లెక్క. ఆ పేజీకి డేటాబేస్‌తో పని లేదు, పేమెంట్‌తో అసలే లేదు. కాబట్టి సాయంత్రమంతా `200` అనే పలికింది.

ఎర్రర్ రేటూ ఆదుకోలేదు. వారం మొత్తం మీద 20 లక్షల రిక్వెస్టులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఊరి పేర్లు వెతకడం, సీట్లు చూడడం వంటివి. ఈ 3,000కు మిగతా రోజుల్లో అక్కడక్కడా ఫెయిలైన మరో వెయ్యి కలిపితే 4,000, అంటే 0.2 శాతం. చూసినవాళ్లు పేజీ తిప్పేస్తారు. పేమెంట్లను విడిగా, ఆ 40 నిమిషాలకే లెక్కిస్తే మాత్రం అది 60 శాతం.

యాప్ పూర్తిగా పడిపోతే ఇంకా చిత్రం. రిక్వెస్టులు సర్వర్ దాకా రావు కాబట్టి సర్వర్ లాగులో తప్పులే కనిపించవు. అందుకే సర్వర్‌కు ముందుండే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర కొలవాలంటారు. ఫోన్ నుంచి అక్కడిదాకా కూడా చేరనివి దానికీ అందవు. వాటికోసం బయటినుంచి టికెట్ కొనే పనిని మొదటినుంచి చివరిదాకా నడిపి చూసే పరీక్ష పెట్టుకోవాలి.

నా లెక్కన ఆ రిపోర్టులో శాతాలకంటే పైన ఉండాల్సింది ఇలాంటి వాక్యం: "శుక్రవారం 7:10 నుంచి 7:50 వరకు ప్రతి ఐదు పేమెంట్లలో మూడు ఫెయిలయ్యాయి, కారణం కొత్త వెర్షన్." దాని కిందే ఖాతాలో డబ్బు కోతపడి టికెట్ రానివాళ్లు ఎందరు, వాళ్లలో ఇంకా ఎందరికి రీఫండ్ అందాల్సి ఉంది అన్న లెక్క ఉండాలి. అది సర్వర్ లాగులో దొరకదు, పేమెంట్ గేట్‌వే ఇచ్చే ఖాతా వివరాలతో బుకింగులను సరిపోల్చి తీయాలి.