తలంబ్రాల దగ్గర పగిలే వీడియో

పెళ్లి వీడియోలో జీలకర్ర బెల్లం ఘట్టం శుభ్రంగా కనిపిస్తుంది. తలంబ్రాలు మొదలవగానే మొహాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి. కెమెరా అదే, ఫైలూ అదే. డల్లాస్‌లో ఉన్న మేనత్త ఫోన్ చేసి "మీరు పంపిన దాంట్లో పెళ్లికూతురి మొహమే ఆనలేదురా" అంటుంది.

దీనికి కారణం వీడియో కుదింపులోనే ఉంది. ఇప్పటికీ దాదాపు అన్ని ఫోన్లలోనూ ఆడే హెచ్.264 పద్ధతి 2003లో వచ్చింది. అది ప్రతి ఫ్రేమునూ 16 పిక్సెళ్ల చదరపు గళ్లుగా విడగొట్టి, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు కదలరు, వెనకున్న పూల అలంకరణా కదలదు. రాసుకోవాల్సింది కొంచెమే. తలంబ్రాలలో వందల గింజలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి ముందు ఫ్రేము అక్కరకు రాదు. కేటాయించిన డేటా చాలకపోతే ఎన్‌కోడర్ ఒక్కో గడిలోని సన్న వివరాలను వదిలేసి, గడి మొత్తాన్ని ఇంచుమించు ఒకే రంగుకు దించుతుంది. మనకు కనిపించే గళ్లు అవే.

సెకనుకు కేటాయించే ఆ డేటానే బిట్‌రేట్ అంటారు. దాన్ని ఊహించక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. 40 నిమిషాల పెళ్లి వీడియో, 1080పీ, సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున ఫోన్లో తీశారనుకుందాం. ఫైలు 5.1 జీబీ ఉంటుంది. దాన్ని 300 ఎంబీకి తేవాలి. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 300 ఎంబీ అంటే 2400 మెగాబిట్లు. 40 నిమిషాలు అంటే 2400 సెకన్లు. సెకనుకు ఒక్క మెగాబిట్, అంటే 1000 కిలోబిట్లు దక్కుతాయి. అందులో 96 మంత్రాలకూ మేళానికీ పోనిచ్చి, ఫైలు హద్దు దాటకుండా ఇంకొంచెం వదిలితే బొమ్మకు మిగిలేది 880.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. బిట్‌రేట్ తగ్గించి, 1080పీని మాత్రం వదులుకోరు. ఒక 1080పీ ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెళ్లు ఉంటాయి. 880 కిలోబిట్లను వాటన్నిటికీ పంచితే ఏ పిక్సెల్‌కూ చాలదు. 960×540కి దించితే పిక్సెళ్లు సరిగ్గా నాలుగో వంతు అవుతాయి, ఒక్కోదానికి నాలుగు రెట్లు బిట్లు అందుతాయి. ఫోన్ తెరమీద ఆ బొమ్మ కాస్త మెత్తగా కనిపిస్తుంది, గళ్లు మాత్రం బాగా తగ్గుతాయి. మెత్తదనాన్ని కన్ను త్వరగా మరిచిపోతుంది, గళ్లను మరవదు. సెకనుకు 60 ఫ్రేములతో తీసి ఉంటే 30కి తగ్గించడమూ అవసరమే.

కంప్యూటర్లో ఈ పనికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. `Dimensions`లో కొలత మార్చి, `Video`లో హెచ్.264 ఎంచుకుని, `Avg Bitrate` దగ్గర 880 రాయాలి. పక్కనే ఉన్న `Multi-Pass Encoding` (పాత వెర్షన్లలో `2-Pass Encoding`) గుర్తు పెట్టడం మరవకూడదు. అప్పుడు ఎన్‌కోడర్ మొదటిసారి వీడియో అంతా చదివి ఎక్కడ కదలిక ఎక్కువో తెలుసుకుంటుంది, రెండోసారి కదలని ఘట్టాల దగ్గర ఆదా చేసిన బిట్లను తలంబ్రాలకు ఇస్తుంది. వేగాన్ని `Slow`లో ఉంచితే సమయం ఎక్కువ పడుతుంది కానీ అదే సైజులో బొమ్మ మెరుగ్గా వస్తుంది. హెచ్.265తో ఫైలు ఇంకా చిన్నదవుతుంది, అయితే పెద్దవాళ్ల పాత ఫోన్లలో అది ఆడకపోవచ్చు.

గంటల తరబడి ఆగే ముందు తలంబ్రాల నిమిషాన్ని ఒక్కదాన్నే ఇవే సెట్టింగులతో తీసి చూడటం మంచిది. ఆ ముక్కకు పక్క ఘట్టాల నుంచి అప్పు దొరకదు, తన 880లోనే గడుపుకోవాలి. అక్కడ బాగుంటే పూర్తి వీడియోలో ఇంకా బాగుంటుంది. కంప్యూటర్లో కాక ఫోన్లోనే చూడాలి. గింజలు పడే క్షణంలో మొహాల అంచులనూ, మసక వెలుతురులో ఉన్న వెనక భాగాన్నీ గమనించాలి. చీకట్లో తీసిన వీడియోలో సన్నగా చిటపటలాడే మచ్చలు కూడా ఎన్‌కోడర్‌కు కదలికలాగే కనిపించి బిట్లను తినేస్తాయి. అలాంటప్పుడు `Filters`లోని `Denoise`ను కొద్దిగా వాడాలి. అసలు ఫైల్లోనే గళ్లు ఉంటే మాత్రం ఏ సెట్టింగూ వాటిని చెరపలేదు.

ఇంత చేసి వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి పంపితే యాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది, పడ్డ శ్రమంతా పోతుంది. అటాచ్‌మెంట్‌లో `Document` ఎంచుకుని పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. అలా 2 జీబీ వరకూ పంపవచ్చు. ఈ లెక్కన 300 ఎంబీ అనేది యాప్ పెట్టిన హద్దు కాదు, అవతలివాళ్ల ఫోన్‌లో ఖాళీనీ డేటానూ చూసి ఎంచుకున్నది. మేనత్తకు వైఫై ఉంటే 600 ఎంబీ అనుకుని అదే లెక్క మళ్లీ కట్టి, బిట్‌రేట్ రెట్టింపు చేసి, 720పీలో పంపవచ్చు.