ఊపిరి బిగబట్టకండి

మా బాబాయికి యాభై ఆరేళ్లు. బీపీ 150/94 ఉంది. "రోజూ ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ మేడ మీదికి మోస్తున్నాను, ఇంకా వ్యాయామం ఎందుకురా?" అనేవాడు. ఒకరోజు పక్కన నిలబడి చూశాను. క్యాన్ ఎత్తేటప్పుడు పళ్లు బిగించాడు, మెడ నరాలు ఉబ్బాయి, ఊపిరి ఆగిపోయింది.

చిక్కంతా అక్కడే. ఊపిరి బిగబట్టి ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి, ఆ కాసేపు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బాగా బరువులెత్తేవాళ్లలో పై అంకె 300 దాటినట్టు కొలిచి చూశారు కూడా.

బీపీని నిలకడగా దించేది నడక, సైకిల్, ఈత లాంటివి. రక్తనాళాలు మెత్తబడి వ్యాకోచిస్తాయి. వారానికి 150 నిమిషాలు చాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లు నాడి లెక్క కన్నా ఈ గుర్తునే నమ్మాలి, ఆ మందు నాడిని పెరగనివ్వదు. ఇలా కొన్ని నెలలు నడిస్తే పై అంకె సుమారు 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. మానేస్తే మళ్లీ పెరుగుతుంది.

తేలికపాటి బరువులు వారానికి రెండుసార్లు మంచివే. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి.

కూర్చున్నప్పుడే బీపీ 180/110 దాటితే బరువుల జోలికి వెళ్లొద్దు. ముందు డాక్టరును కలవండి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.