సంబంధంలో ఒత్తు ఎక్కడ?

టెట్‌కు చదువుతున్న మా చెల్లెలి కూతురు మొన్న ఒక పాత ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. "పెద్దమ్మా, నాలుగూ పైకి చదివి చూశాను. నాలుగూ ఒకలాగే వినిపిస్తున్నాయి" అంది. ప్రశ్న చిన్నదే. సరైన రూపాన్ని గుర్తించండి: సంభందం, సంబందం, సంభంధం, సంబంధం.

పిల్ల తప్పేమీ లేదు. మామూలు మాటల్లో మనం ఒత్తులు సగం పలికి సగం మింగేస్తాం. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అనే పది ఒత్తక్షరాలు తెలుగు సొంత మాటలకు అవసరం లేనివి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50 వర్ణాలు లెక్కపెట్టి, తెలుగుకు 36 చాలన్నాడు. ఆ 36లో ఈ పదీ లేవు. గిన్నె, ముద్ద, పెద్ద, వద్దు అనే మాటల్లో ఒత్తక్షరం వెతకనక్కర్లేదు. ఒత్తు గురించి అడిగారంటే ఆ మాట దాదాపుగా సంస్కృతం నుంచి వచ్చినదే. కాబట్టి జవాబు చెవిలో దొరకదు, ఆ మాట పుట్టిన ధాతువులో దొరుకుతుంది.

సంస్కృత ధాతువులకు ఒక అలవాటు ఉంది. ఒకే ధాతువులో రెండు ఒత్తక్షరాలను దాదాపుగా ఉండనివ్వవు. ముందుది ఒత్తు పలికితే తర్వాతది తేలిగ్గా ఉంటుంది, తర్వాతది ఒత్తు పలికితే ముందుది తేలిపోతుంది. సంస్కృతంలోనూ గ్రీకులోనూ ఉన్న ఈ లక్షణాన్ని జర్మనీ గణితవేత్త హెర్మన్ గ్రాస్‌మన్ 1863లో వివరించాడు. అందుకే బాధ, బోధ, బుద్ధి, బంధం అన్నిటిలోనూ మొదటి అక్షరం వట్టి 'బ'. దృఢం, గాఢం, దీర్ఘం, దగ్ధం, గంధం కూడా అంతే. ధృఢం, ఘాఢం, ధీర్ఘం అని రాస్తే ఒకే మాట మీద రెండు బరువులు పెట్టినట్టు. ఘంటసాల పేరును ఘంఠసాల అని రాసేవారు చేసే పొరపాటూ ఇదే.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన సాక్ష్యం బీభత్సం. 'భీ' అంటే భయం కదా అని చాలామంది భీభత్సం అని రాస్తారు. నిజానికి ఆ మాట 'బధ్' అనే ధాతువు నుంచి వచ్చింది. చివరి 'ధ' తర్వాత 'స' వచ్చేసరికి అది 'త'గా మారి ఒత్తు పోగొట్టుకుంది. పోయిన ఆ ఒత్తు వెనక్కి నడిచి 'బ' మీద కూర్చుని దాన్ని 'భ' చేసింది. మొదట్లో ఉన్న 'బీ' ఆ ధాతువు తొలి అక్షరాన్ని రెండోసారి పలకడం వల్ల వచ్చింది, అందుకే దానికి ఒత్తు దక్కలేదు. మొత్తం మాటలో ఉన్నది ఒక్క ఒత్తే.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. సంబంధం అంటే సం, బంధం. బంధంలో ఒత్తు ఒకటే కనుక సంభంధం పోయింది. మిగిలిన మూడింటిలో ఒత్తు ముందా, వెనకా, అసలు లేదా అన్నది తేల్చాలి. ఇక్కడ ఆ మాటకు చుట్టాన్ని పిలవాలి. బంధానికి చుట్టం బద్ధం. ఏ మాటకైనా 'ద్ధ' ఉన్న చుట్టం దొరికితే దాని ధాతువు చివర 'ధ' ఉందని అర్థం. విరోధం ఉంటే విరుద్ధం ఉంది, క్రోధం ఉంటే క్రుద్ధుడు ఉన్నాడు, శోధనకు శుద్ధం ఉంది, వర్ధిల్లడానికి వృద్ధి ఉంది. చుట్టంలో 'న్న' ఉంటే మాత్రం ధాతువు చివర ఉన్నది వట్టి 'ద'. భేదానికి చుట్టం భిన్నం, ఛేదానికి ఛిన్నం, ఖేదానికి ఖిన్నుడు, ఉత్పాదనకు ఉత్పన్నం. కాబట్టి అభిప్రాయ భేదాలు అని రాయాలి, బేధాలు కాదు. క్రికెట్ వార్తల్లో లక్ష్యాన్ని చేధించారు అని కనబడినప్పుడల్లా నాకు కలం పట్టుకుని దిద్దాలనిపిస్తుంది. విచ్ఛిన్నంలో ఉన్న ఛిన్నం గుర్తుంటే ఛేదించారు అన్నదే చేతికి వస్తుంది.

మా పిల్ల వెంటనే అడ్డు తగిలింది. "మరి భూభాగంలో రెండు ఉన్నాయిగా పెద్దమ్మా?" ఉన్నాయి, ఎందుకంటే అక్కడున్నవి రెండు మాటలు. భూ ఒకటి, భాగం ఒకటి. అభిధానంలో 'అభి' ఉపసర్గ. మాటను విడదీశాకే ఒత్తులు లెక్కపెట్టాలి.

ఈ లెక్క అందని చోటూ ఒకటుంది. అర్థం, అర్ధం రెండూ ఒప్పే, ఒత్తు రెండింటిలోనూ ఒకటే. 'థ' కడుపులో చుక్క ఉంటుంది, 'ధ'లో ఉండదు. తేడా అంతే. ఇక్కడ భావాన్నే పట్టుకోవాలి. సగం అనే భావం ఉంటే 'ధ': అర్ధరాత్రి, అర్ధశతకం. కోరడం, ప్రయోజనం, భావం అయితే 'థ': విద్యను కోరేవాడు విద్యార్థి, పదవినో ఉద్యోగాన్నో కోరేవాడు అభ్యర్థి, కోరి వేడుకోవడం ప్రార్థన. బడి గోడల మీద విద్యార్ధి అని రాసి ఉంటే, రోజూ దాన్నే చూసే పిల్లలకు అదే ఒప్పుగా అలవాటవుతుంది.

సున్నదీ పొల్లుదీ వేరే దారి. సున్న తన తర్వాత ఏ అక్షరం వస్తుందో చూసుకుని గొంతు మార్చుకుంటుంది. పండులో 'ణ్'లా, పందిలో 'న్'లా, పంపులో 'మ్'లా పలుకుతుంది. సంరక్షణలో కూడా 'మ్'లాగే వినిపిస్తుంది, అక్కడ సున్న సరే. అదే చూసి సంరాట్ అని రాస్తే తప్పు. ఆ ఒక్క మాటలో 'మ' మారకుండా నిలవాలని పాణిని ప్రత్యేకంగా సూత్రం పెట్టాడు. అందుకే సమ్రాట్, సామ్రాజ్యం.

పొల్లు అంటే అచ్చు లేకుండా ఆగిన హల్లు. మాట చివర ఉంటే కంటికి కనిపిస్తుంది: సమ్రాట్, అకస్మాత్. మాట మధ్యలో చిక్కుకుంటేనే అభ్యర్థులు దాన్ని మింగేస్తారు. తత్త్వం అంటే తత్, త్వం. పొల్లు 'త్' ఒకటి, 'త్వం'లోని త ఒకటి, మొత్తం రెండు. మహత్త్వమూ అంతే. మానవత్వంలో మాత్రం ఒక్క త చాలు, ఎందుకంటే మానవ అన్న మాట చివర పొల్లు లేదు. ఉజ్జ్వలం కూడా ఇలాంటిదే. 'ఉత్' లోని పొల్లు 'జ్'గా మారి జ్వలంతో కలిసింది, కాబట్టి జ రెండుసార్లు రావాలి.

పత్రికల్లో తత్వం, ఉజ్వలం బాగా వాడుకలో ఉన్నాయి. వాటిని చూసి ఎవరినీ తప్పుపట్టను. కానీ నాలుగు రూపాలు ఇచ్చి సరైనది అడిగినప్పుడు, వాటిలో తత్త్వం ఉంటే దాన్నే గుర్తించండి.