గురువారానికల్లా చేరాల్సిన మెయిల్

సోమవారం ఉదయం ఒక అమ్మాయి రాయదుర్గం మెట్రో దిగి, అన్నీ ఒకేలా కనిపించే అద్దాల మేడల మధ్య తన ఆఫీసు ఏదో తేల్చుకోలేక నిలబడింది. కంపెనీ ఆమెకు స్వాగతం మెయిల్ పంపింది. కాకపోతే కంపెనీ కొత్తగా ఇచ్చిన ఐడీకి పంపింది. దాని పాస్‌వర్డ్ లోపలికి వెళ్లి లాప్‌టాప్ తీసుకున్నాకే చేతికొస్తుంది! ఇలాంటివి నేను చాలా చూశాను. ఈ మెయిల్ సొంత ఐడీకే వెళ్లాలి, అదీ గురువారానికల్లా. అప్పుడే కాగితాలు వెతుక్కోవడానికి, సందేహాలు అడగడానికి శుక్రవారం మిగులుతుంది.

మ్యాప్ లింకు ఒక్కటే చాలదు. ఏ గేటు, ఏ టవరు, ఎన్నో అంతస్తు, గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలి, వారి ఫోన్ నంబరు ఎంత అన్నది రాయాలి. సెక్యూరిటీ దగ్గరున్న జాబితాలో పేరు ముందురోజే ఎక్కించాలి. మేనేజరు పదింటికి వచ్చేట్టయితే కొత్తవారిని పదిన్నరకు రమ్మనాలి. గంటన్నర సోఫాలో కూర్చోబెడితే ఆ రోజంతా వాళ్లకు అదే గుర్తుంటుంది. క్యాంటీన్ ఉందో, క్యారేజీ తెచ్చుకోవాలో కూడా చెప్పాలి.

కాగితాల్లో పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు అందరూ అడుగుతారు. మరిచిపోయేది యూఏఎన్. పీఎఫ్ కోసం ఇచ్చే ఈ 12 అంకెల నంబరు ఉద్యోగం మారినా మారదు. పాతది చెప్పకపోతే ఒక్కోసారి కొత్త నంబరు పుడుతుంది. ఆ తర్వాత పాత డబ్బును కొత్త ఖాతాకు మార్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది. ‘ఇంతకుముందు పనిచేసి ఉంటే మీ యూఏఎన్ తీసుకురండి’ అన్న ఒక్క వాక్యం ఆ తిప్పలు తప్పిస్తుంది.

పరిచయం కావాల్సినవారంటూ పదిహేను పేర్లు ఇస్తే ఒక్కటీ గుర్తుండదు. ముగ్గురు చాలు: పని చెప్పే మేనేజరు, లాప్‌టాప్ మొరాయిస్తే చూసే ఐటీ మనిషి, పక్క సీట్లో కూర్చుని చిన్న ప్రశ్నలకు జవాబిచ్చే తోటి ఉద్యోగి. ఎవరిని దేనికి అడగాలో పేరు పక్కనే ఉండాలి. ఆ మూడోవారికి ముందే చెప్పి ఒప్పించాలి. చెప్పకుండా పేరు రాసేస్తే, సోమవారం వాళ్లు సెలవులో ఉన్నారని తెలుస్తుంది.

మొదటి వారం గురించి ‘త్వరగా అలవాటు పడండి’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. నేనైతే ఇలా రాస్తాను: ‘మీకు కావలసిన అనుమతులన్నీ రావడానికి బుధవారం అవుతుంది. అప్పటిదాకా పాత కస్టమర్ల ఫిర్యాదులు ఇరవై చదవండి, అర్థం కానివి రాసి పెట్టుకోండి. గురువారం ఒక చిన్న ఫిర్యాదు మీరే చూడండి, పక్కన మీ తోటి ఉద్యోగి ఉంటారు. ఈ వారం అంతకుమించి మీ నుంచి ఆశించడం లేదు. శుక్రవారం నాలుగింటికి అరగంట కూర్చుందాం, మీరు రాసుకున్న ప్రశ్నలు తీసుకురండి.’