ఆఖరి ఆరు కిస్తీల లెక్క

మా బావమరిదికి మొన్న చీటీ డబ్బు చేతికొచ్చింది. "బావా, ఇంకా ఆరు కిస్తీలే ఉన్నాయి, పర్సనల్ లోన్ ఇవాళే తీర్చేస్తా" అంటూ బ్యాంకు ఇచ్చిన ఫోర్‌క్లోజర్ లెటర్ పట్టుకుని వచ్చాడు.

అతని అప్పు 5 లక్షలు, వడ్డీ 14 శాతం, గడువు ఐదేళ్లు, నెల కిస్తీ 11,634. లెటర్లో మిగిలిన అసలు 67,041 అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ముందస్తు చెల్లింపు ఛార్జీ 4 శాతం, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 3,164. అంటే కట్టాల్సింది 70,205. మామూలుగా ఆరు కిస్తీలు కట్టుకుపోతే అయ్యేది 69,804! తొందరపడితే 401 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి.

ఛార్జీకి కాలంతో పనిలేదు, మిగిలిన అసలు మీద శాతం అంతే. వడ్డీకి మాత్రం మిగిలిన నెలలే ప్రాణం. ఇతనే రెండేళ్లకు, 36 కిస్తీలు ఉన్నప్పుడు తీర్చేసి ఉంటే, మిగిలిన వడ్డీ సుమారు 78,400, ఛార్జీ 16,000. అరవై రెండు వేల దాకా మిగిలేది.

ఒక మోటు లెక్క ఉంది. మిగిలిన కిస్తీల్లో సగాన్ని నెల వడ్డీ శాతంతో హెచ్చవేయండి. 14 శాతానికి నెల వడ్డీ 1.17. ఎనిమిది కిస్తీలుంటే సుమారు 4.7 శాతం వస్తుంది. జీఎస్టీతో కలిపి ఛార్జీ 4.72. అంటే ఏడెనిమిది నెలల దగ్గర లాభనష్టాలు సరిసమానం.

ఏడాది మిగిలినా తొందర అక్కర్లేదు. అప్పుడు తీరిస్తే మిగిలేది 3,900. అదే డబ్బు 7 శాతం వచ్చే చోట ఉంచి నెలనెలా కిస్తీ కడితే, పన్నుకు ముందు 5,200 వడ్డీ వస్తుంది.

2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాల్లో, వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్నవాటికి వడ్డీ మారుతూ ఉండే రకమైతే ఈ ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయితే పర్సనల్ లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవే కాబట్టి మనవాడిలాంటి వాళ్లకు ఆ ఊరట లేదు. లోన్ తీసుకునేటప్పుడు ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఛార్జీ ఎంతో, ఎన్ని కిస్తీల దాకా ముందుగా కట్టనివ్వరో చూసుకోవాలి. కొన్ని బ్యాంకులు అసలులో కొంత భాగాన్ని ఛార్జీ లేకుండానే కట్టనిస్తాయి.

ఇంతా చెప్పాక "మరి క్రెడిట్ కార్డు?" అన్నాడు నసుగుతూ. నలభై వేల బాకీ, నెలకు మూడున్నర శాతం వడ్డీ. చీటీ డబ్బు ముందు అక్కడికే పోయింది.